మ్యూట్ నొక్కి తిట్టుకుంటే కోపం తగ్గుతుందా, ముదురుతుందా?

మ్యూట్‌బటన్ · సోమవారం, రాత్రి 11:20

తొమ్మిదేళ్లుగా ఇన్సూరెన్స్ క్లెయిముల కాల్ సెంటర్లో పని చేస్తున్నాను. మా హెడ్‌సెట్ వైరు మీద చిన్న మ్యూట్ బటన్ ఉంటుంది, నొక్కితే ఎర్రలైటు వెలుగుతుంది. మా ఫ్లోర్ అంతా ఆ ఎర్రలైటు మీదే బతుకుతోంది. అవతల కస్టమర్ "నీ పేరేంటి, నీ మేనేజర్ని పిలువు, అసలు నీకు ఉద్యోగం ఎవడిచ్చాడు" అని దండకం ఎత్తుకోగానే మ్యూట్ నొక్కి, ఇవతల నాలుగు పచ్చి బూతులు వదిలి, మళ్లీ నొక్కి "క్షమించండి సార్, ఒక్క నిమిషం, చెక్ చేస్తున్నాను" అంటాను. కొత్తగా చేరిన పిల్లలకి ఈ విద్య నేర్పేది కూడా మేమే. "లోపల పెట్టుకుంటే బీపీ వస్తుందిరా, కక్కెయ్" అని.

మొన్న ఆదివారం మా ఆరేళ్ల పాప గీస్తుంటే రంగు పెన్సిల్ విరిగింది. విరిగిన ముక్క పట్టుకుని, దాని మొహంలోకి చూస్తూ, అచ్చం నా గొంతుతో ఒక మాట అంది. మా ఆవిడ నా వైపు చూసిన చూపు గురించి చెప్పను. ఆ తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం వదలడం లేదు. "తొమ్మిదేళ్ల నుంచి కక్కుతూనే ఉన్నావు కదా, మరి ఇంకా ఎక్కడ మిగిలింది?"

దీని మీద ఎవరైనా సరిగ్గా పరిశోధన చేశారా? తిట్టగానే తేలిగ్గా అనిపించడం మాత్రం నిజం. అది నా భ్రమ అంటే ఒప్పుకోను.

కండలకిట్టు · సోమవారం, రాత్రి 11:41

తిట్టడం మంచిదే అన్నా, సైన్సే చెప్పింది. ఇంగ్లండులో కీల్ యూనివర్సిటీ వాళ్లు కాలేజీ పిల్లల చేత మంచులాంటి నీళ్లలో చెయ్యి పెట్టించారు. ఒకసారి బూతు అంటూ, ఇంకోసారి మామూలు మాట అంటూ. బూతు అన్నప్పుడు సగటున 40 సెకన్లు ఎక్కువసేపు ఓర్చుకున్నారు. 2009లో. నవ్వొచ్చే వింత పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ కూడా దానికి వచ్చింది.

కుక్కర్‌కి విజిల్ మూసుకుపోతే ఏమవుద్ది? పేలుద్ది. నా పద్ధతి ఇంకా బెస్ట్. సాయంత్రం జిమ్‌కెళ్లి పంచింగ్ బ్యాగ్ మీద మా టీమ్ లీడ్ మొహం ఊహించుకుని పది నిమిషాలు కుమ్ముతా. ఇంటికెళ్లేసరికి బుద్ధుణ్ని.

కాకినాడపిన్ని · మంగళవారం, ఉదయం 6:05

నాయనా, శాపనార్థాలు పెట్టకూడదు. తగిలితే అవతలివాళ్లకి, తగలకపోతే తిరిగొచ్చి మనకే అంటారు పెద్దలు. మా అత్తగారు ఇందులో ఆరితేరిన మనిషి. పెరట్లో కొబ్బరిచెట్టు కింద రాలిన కాయ ఒకటి కనబడకపోతే, పక్కింటివాళ్ల పనేనని తేల్చేసి, చీరకొంగు నడుముకి దోపి వీధరుగు మీద నిలబడేది. "వాడి చేతులు పడిపోను, వాడి కొంప కూలిపోను, వాడి వంశం..." అని. పొద్దున ఎనిమిదింటికి మొదలెడితే పన్నెండింటికి గొంతు పెరిగేదే కానీ తగ్గేది కాదు. ఎనిమిదింటికి పోయింది ఒక్క కాయ. పదింటికి గెల. మధ్యాహ్నానికి "నా చెట్టంతా దోచుకు తిన్నారు" అనేది. మీ పాపకి దిష్టి తీయించండి, అన్నీ సర్దుకుంటాయి.

మ్యూట్‌బటన్ · మంగళవారం, ఉదయం 8:30

పిన్నిగారూ, శాపం తగులుతుందా అని కాదండీ నేనడిగింది. తిడితే నా కోపం తగ్గుతుందా అని. అయినా దిష్టి తీయిస్తాను, పోయేదేముంది.

పాతసుద్దముక్క · మంగళవారం, ఉదయం 10:15

పిన్నిగారు ప్రశ్న ఒకటనుకుని ఇంకోదానికి చెప్పినా, అసలు జవాబు ఆవిడ కొబ్బరిచెట్టు కిందే ఉంది. దానికి మళ్లీ వస్తాను. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు సైకాలజీ చెప్పి రిటైరయ్యాను కాబట్టి కాస్త ఎక్కువ రాస్తే ఓర్చుకోండి.

ముందు కిట్టు బాబుకి. చన్నీళ్ల ప్రయోగం మీరు చెప్పింది నిజమే. రిచర్డ్ స్టీఫెన్స్ బృందం చేసింది. కానీ వాళ్లు కొలిచింది నొప్పిని, కోపాన్ని కాదు. బూతు అంటున్నప్పుడు గుండె వేగం పెరిగిందని కూడా వాళ్లు గమనించారు. ఒళ్లు పోట్లాటకి సిద్ధమైపోతుంది, ఆ ఊపులో నొప్పి తెలియదు, అందుకే ఓర్చుకోగలిగారు అని వాళ్ల ఊహ. ఇప్పుడు అదే సంగతిని కోపం వైపు నుంచి చూడండి. కోపంలో గుండె ముందే దడదడలాడుతోంది. అక్కడ ఇంకాస్త ఊపు ఎవరికి కావాలి? కాలి బొటనవేలు మంచం కోడుకి కొట్టుకున్నప్పుడు పనికొచ్చిన తిట్టు, కస్టమర్ మీద కోపానికీ పనికొస్తుందని ఆ ప్రయోగం చెప్పలేదు.

ఇంకో ముక్క ఉంది, మ్యూట్‌బటన్ గారికి రుచించదేమో. అదే బృందం 2011లో మళ్లీ చూస్తే, రోజూ ఎక్కువగా తిట్టే అలవాటున్నవాళ్లకి ఆ నొప్పి ఓర్చుకునే లాభం కూడా తగ్గిపోయింది. రోజంతా వాడితే బూతుకి పదును పోతుందన్నమాట.

ఇక పంచింగ్ బ్యాగ్. ఇది అచ్చంగా కిట్టు బాబు పద్ధతే. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే ఆయన అమెరికాలో అయోవాలో 600 మంది విద్యార్థుల మీద చేశాడు. ఒక్కొక్కరి చేత చిన్న వ్యాసం రాయించి, పక్క గదిలో ఇంకో విద్యార్థి దిద్దుతున్నాడని చెప్పి, కావాలనే చెత్త మార్కులతో "నేను చదివిన పరమ చెత్త వ్యాసాల్లో ఇదొకటి" అని రాసి తిప్పి పంపించాడు. అందరికీ మండింది. ఆ తర్వాత మూడు జట్లు చేశాడు. ఒక జట్టుకి ఆ దిద్దినవాడి ఫొటో అని ఒకటి చూపించి, వాణ్ని తలుచుకుంటూ బ్యాగ్ కొట్టమన్నాడు. రెండో జట్టుని ఒళ్లు దృఢంగా అవుతుందని తలుచుకుంటూ కొట్టమన్నాడు. మూడో జట్టు ఏమీ చేయకుండా రెండు నిమిషాలు ఊరికే కూర్చుంది. చివర్లో ఆ దిద్దినవాడితో ఒక ఆట. గెలిస్తే అవతలివాడి చెవిలో ఎంత పెద్ద చప్పుడు, ఎంతసేపు మోగించాలో మనిష్టం.

వాణ్ని తలుచుకుంటూ కొట్టినవాళ్లు అందరికంటే కోపంగా మిగిలారు, అందరికంటే ఎక్కువ చప్పుడు మోగించారు. ఊరికే కూర్చున్నవాళ్లు అందరికంటే తక్కువ. ఇంతకీ ఊరికే కూర్చున్నవాళ్లకి ఎవరూ ధ్యానం నేర్పలేదు, సలహా ఇవ్వలేదు. రెండు నిమిషాలు, అంతే.

కండలకిట్టు · మంగళవారం, మధ్యాహ్నం 1:10

మేడం, బ్యాగ్ కొట్టాక నాకు నిజంగానే హాయిగా ఉంటది. ఉన్నది లేదంటే ఎట్లా? నమ్మకంతో చేస్తే ఏదైనా పని చేస్తదంటారుగా. వాళ్లు నమ్మి కొట్టి ఉండరు.

పాతసుద్దముక్క · మంగళవారం, మధ్యాహ్నం 2:00

హాయి లేదని నేననలేదు బాబూ. హాయి వేరు, కోపం దిగడం వేరు. నమ్మకం సంగతి కూడా వాళ్లు వదల్లేదు. దీనికి మూడేళ్ల ముందు, 1999లో, కొందరికి "బ్యాగ్ కొడితే కోపం పోతుంది" అని సైన్సు వార్తలా రాసినది చదివించి, తర్వాత మండించి చూశారు. చదివినవాళ్లు బ్యాగ్ కొట్టడానికే ఎగబడ్డారు. నమ్మి కొట్టారు. చివరికి "కొడితే పోదు" అని చదివినవాళ్లకంటే వీళ్లే ఎక్కువ దూకుడుగా ప్రవర్తించారు.

మీ కుక్కర్ విజిల్ మాట చాలా పాతది. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి హిస్టీరియా మీద రాసినప్పటి నుంచీ చెలామణీలో ఉంది. మనసులో ఏదో నిల్వ ఉంటుంది, దారి ఇస్తే బయటికి పోతుంది, లేకపోతే రోగమై కూర్చుంటుంది అని. వినడానికి ఎంత బాగుంటుందో! కానీ కోపం ఆవిరిలా ఒక గిన్నెలో ఉండే సరుకు కాదు. ఆలోచన నడుస్తున్నంతసేపు అది అక్కడికక్కడ తయారవుతూ ఉంటుంది.

లెక్కలమాష్టారు · మంగళవారం, రాత్రి 9:25

మేడంగారికి నమస్కారం. నాకు రెండు అభ్యంతరాలు. ఒకటి, ఆ ప్రయోగంలో ఒక్కరూ ఒక్క తిట్టూ తిట్టలేదు. బ్యాగ్ కొట్టారు. మన మిత్రుడు అడిగింది నోటి సంగతి. రెండు, కాలేజీ కుర్రాళ్లకి వ్యాసం బాగాలేదని చీటీ పంపితే వచ్చే కోపం, నెల జీతం మీద బతికేవాణ్ని రోజుకి ముప్పైమంది తిడితే వచ్చే కోపం, రెండూ ఒకే త్రాసులో తూగుతాయా? అదీ కాక వాళ్లు కొలిచింది కొన్ని నిమిషాల తర్వాత. తొమ్మిదేళ్ల తర్వాత సంగతి ఎవరు చూశారు?

పాతసుద్దముక్క · బుధవారం, ఉదయం 9:40

మాష్టారూ, రెండూ సరైన అభ్యంతరాలే. అందుకే క్లాసులో నేను బ్యాగ్ కంటే ముందు ఇంకోటి చెప్పేదాన్ని. ఇది ప్రయోగశాలలో జరిగింది కాదు, ఇందులో ఉన్నది పూర్తిగా మాటలే.

1970ల్లో కాలిఫోర్నియాలో శాన్‌డియాగోలో విమానాలు, రక్షణ సామగ్రి తయారుచేసే కంపెనీ ఒకటి ఇంజనీర్లని, టెక్నీషియన్లని దాదాపు వందమందిని తీసేసింది. ఎబెసెన్, డంకన్, కొనెచ్నీ అనే ముగ్గురు ఆ సమయంలో అక్కడ అధ్యయనం చేశారు. ఉద్యోగం పోయినవాళ్లు వెళ్లేముందు కూర్చోబెట్టి మాట్లాడించే ఇంటర్వ్యూ ఉంటుంది కదా, అందులో అడిగే ప్రశ్నలు మార్చారు. కొందరిని కంపెనీ మీదికి తిప్పారు, "కంపెనీ నీకు అన్యాయం చేసిన సందర్భాలు ఏవైనా చెప్పు" అని. కొందరిని సూపర్‌వైజర్ మీదికి, "నీ ఉద్యోగం పోకుండా ఆయన ఏం చేసి ఉండొచ్చు" అని. ఇంకొందరిని తమ సొంత పనితీరు గురించి అడిగారు. అంటే మన భాషలో కొందరికి కంపెనీని దులిపెయ్యడానికి, కొందరికి సూపర్‌వైజర్ని దులిపెయ్యడానికి మంచి అవకాశం ఇచ్చారు. నిజమైన కోపం, నిజమైన కారణం, కడుపు మండినవాళ్లు.

తర్వాత అందరి చేతా ఒక ఫారం నింపించారు. కక్కేస్తే పోతుందన్నది నిజమైతే, కంపెనీని దులిపినవాళ్లకి కంపెనీ మీద కోపం తగ్గాలి. జరిగింది తిరగబడి జరిగింది. కంపెనీని దులిపినవాళ్లు కంపెనీ మీద మరింత కటువుగా రాశారు, సూపర్‌వైజర్ మీద కాదు. సూపర్‌వైజర్ని దులిపినవాళ్లు సూపర్‌వైజర్ మీద కటువుగా రాశారు, కంపెనీ మీద కాదు.

ఇందులో నాకు ముఖ్యమనిపించేది ఆ చివరి సంగతి. ఊరికే ఉద్రేకం పెరిగి ఉంటే అందరి మీదా పెరగాలి. పెరిగింది మాత్రం ఎవరి గురించి మాట్లాడారో వాళ్ల మీదే. తిట్టేటప్పుడు మనం ఊరికే శబ్దం చేయం. ఎవరు, ఏం చేశారు, ఎందుకు చేశారు అని కేసు రాసుకుంటాం. సాక్ష్యాలు వెతుక్కుంటాం. పిన్నిగారి అత్తగారి ఒక్క కాయ నాలుగు గంటల్లో చెట్టంత అయింది అందుకే.

తొమ్మిదేళ్ల లెక్క ఎవరూ తీయలేదు మాష్టారూ, అక్కడ మీదే పైచేయి.

బస్సుపాసు · బుధవారం, మధ్యాహ్నం 12:30

గిదంత మంచిగనే ఉంది మేడం. కానీ నేను సిటీ బస్సుల కండక్టర్ని, పదహారేండ్లయింది. చిల్లర మీద లొల్లి పెట్టుకునే ప్యాసింజర్‌ని ఎదురు తిడితే నిజంగనే గుండె దిగుతది. అదే డిపోల సారు తిట్టినప్పుడు బయటికొచ్చి ఎంత తిట్టుకున్నా దిగదు. ఆ రోజు ఇంటికి పోతే అన్నం గిన్నె సప్పుడుకు గూడ కోపమొస్తది. రెండూ తిట్లే గదా, ఒకటి ఎట్ల పనిజేస్తది, ఇంకోటి ఎట్ల చెయ్యది?

పాతసుద్దముక్క · బుధవారం, మధ్యాహ్నం 3:15

బస్సుపాసు గారూ, మీరు చెప్పింది 1960ల మొదట్లోనే ఒకరు బీపీ పట్టీ కట్టి చూశారు. జాక్ హోకన్‌సన్ అని, ఫ్లోరిడాలో. విద్యార్థుల చేత అంకెలు వెనక్కి లెక్కపెట్టిస్తూ మధ్యలో అడ్డుపడి, అవమానించి బీపీ పెంచేవాడు. తర్వాత ఆ అవమానించినవాడికి తిరిగి ఇచ్చుకునే అవకాశం కల్పించేవాడు. అవమానించింది తోటి విద్యార్థి అని చెప్పినప్పుడు, తిరిగి ఇచ్చుకున్నవాళ్ల బీపీ తొందరగా దిగింది. అదే మనిషిని ప్రొఫెసర్‌గా పరిచయం చేస్తే, తిరిగి ఇచ్చుకున్నా దిగలేదు. మీ ప్యాసింజరు, మీ డిపో సారు.

కాబట్టి మ్యూట్‌బటన్ గారి "తేలిక" భ్రమ కాదు. ఒంట్లో జరిగేదే. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. ఏది చేస్తే వెంటనే హాయిగా ఉంటుందో ఒళ్లు దాన్నే మళ్లీ అడుగుతుంది. చక్కెర తిన్నట్టు. హోకన్‌సన్ తర్వాతి ప్రయోగాల్లో ఇంకో తమాషా బయటపడింది. అవతలివాడు కరెంటు షాకిస్తే తిరిగి మంచి చేసినప్పుడల్లా లాభం వచ్చేలా ఏర్పాటు చేసేసరికి, మెల్లగా మంచి చేసినప్పుడు ఒంట్లో ఉద్రేకం దిగడం మొదలైంది. అంటే దిగడం తిట్టులో ఉన్న గుణం కాదు. మనం దేనికి అలవాటు పడితే దానికి దిగుతుంది.

గంగమ్మగుడివీధి · బుధవారం, రాత్రి 10:05

మా తిరుపతికి రాండి ఒకసారి మే నెల్లో, గంగమ్మ జాతరప్పుడు. బండవేషం రోజు ఒళ్లంతా కుంకుమ పూసుకొని, పూలదండలు యేసుకొని వీధుల్లో పోతా ఎదురొచ్చినోళ్లని పచ్చిబూతులు తిడతారు. తిట్టించుకున్నోడు నవ్వతాడు. మా నాయిన యేసినాడు, నేనూ యేసినా చిన్నప్పుడు. ఊరంతా తిట్టి ఇంటికొచ్చి నీళ్లు పోసుకుంటే ఎంత నెమ్మదిగా ఉంటాదో మాటల్లో చెప్పలేను. మీ అమెరికా వాళ్లు దీన్ని కూడా కోపం పెంచుతాదంటారా?

పాతసుద్దముక్క · గురువారం, ఉదయం 9:00

అనరు. అనడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు కూడా. జాతరలో మీకు ఎవరి మీదా కోపం లేదు. ఎదురొచ్చినవాడు మీకు ఏ అన్యాయమూ చేయలేదు. కేసు రాసుకోవడానికి ముద్దాయే లేడు. పైగా మొదలు, ముగింపు ఉన్నాయి, నీళ్లు పోసుకోగానే అయిపోయింది. శాన్‌డియాగో ఇంటర్వ్యూకి ఇది పూర్తిగా ఎదురు వైపు. మీకొచ్చే నెమ్మది దేనివల్లో, భక్తివల్లా, అలసటవల్లా, ఊరంతా కలిసి చేయడంవల్లా, నేను చెప్పలేను. తిట్టువల్లేనని మాత్రం ఎవరూ తేల్చలేదు.

కండలకిట్టు · గురువారం, ఉదయం 9:20

అయితే బ్యాగ్ మానేసి రన్నింగ్ చేస్తా. అదైతే ఎవణ్నీ తలుచుకోనక్కర్లేదు.

పాతసుద్దముక్క · గురువారం, ఉదయం 9:50

గుండెకి మంచిది, తప్పకుండా పరిగెత్తండి. కోపానికి మాత్రం కాదు. 2024లో క్యార్విక్, బుష్‌మన్ కలిసి 154 అధ్యయనాలు పోగేసి చూస్తే, ఒంట్లో వేగం తగ్గించేవి, అంటే నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, ధ్యానం, యోగా లాంటివి కోపం తగ్గించాయి. వేగం పెంచేవి మొత్తం మీద తగ్గించలేదు. అందులో పరుగు కాస్త పెంచింది కూడా. బంతి ఆటలు మాత్రం తగ్గించే వైపు ఉన్నాయి. సరదా వల్ల కావచ్చు.

డాలస్‌డ్రైవరు · గురువారం, సాయంత్రం 6:30

ఇక్కడ ఫ్రీవేలో గంటంబావు ప్రయాణం నాది. అద్దాలెత్తి అచ్చతెలుగులో తిడతా, ఎవడికీ అర్థం కాదు, ఇంతకంటే సుఖం లేదు. ఇంగ్లిష్ బూతుల్లో ఈ బరువు లేదబ్బా. దీని మీద కూడా పరిశోధన ఉంటే చెప్పండి మేడం. కోపం తగ్గుతుందో లేదో నాకనవసరం, భాష మరిచిపోకుండా ఉంటున్నా.

పాతసుద్దముక్క · గురువారం, రాత్రి 8:10

భాష సంగతి అడిగారు కాబట్టి ఒకటి చెబుతాను. స్టీఫెన్స్ 2020లో రెండు కొత్త బూతులు కల్పించి ప్రయత్నించాడు. వినడానికి గమ్మత్తుగా, కోపంగా ఉండేలా. చన్నీళ్లలో అవి అస్సలు పని చేయలేదు. నిజమైన బూతే పని చేసింది. చిన్నప్పుడు ఏ మాట అంటే మూతి మీద దెబ్బ పడిందో ఆ మాటకే బలం ఉంటుందేమో అని ఒక ఊహ. మీకు ఇంగ్లిష్ బూతు అంటే ఎవరూ మూతి మీద కొట్టి ఉండరు.

లెక్కలమాష్టారు · గురువారం, రాత్రి 9:00

చర్చ బాగుంది కానీ మన మిత్రుడి ప్రశ్న మన మిత్రుడి మీదే పరీక్షించొచ్చు కదా. మ్యూట్‌బటన్ గారూ, కాల్ అయ్యాక నోట్సు రాసుకోవడానికి మీకు టైమిస్తారా?

మ్యూట్‌బటన్ · గురువారం, రాత్రి 11:30

రెండు నిమిషాలు ఇస్తారు మాష్టారూ.

లెక్కలమాష్టారు · శుక్రవారం, ఉదయం 7:15

సరిగ్గా అయోవా వాళ్ల రెండు నిమిషాలే. అయితే ఇలా చేయండి. కోపం తెప్పించిన కాల్ పెట్టేయగానే ముందు కోపానికి పదికి ఎంతో అంకె వేసుకోండి. తర్వాత రూపాయి బిళ్ల ఎగరేయండి. బొమ్మ పడితే మీ ఇష్టం వచ్చినట్టు తిట్టండి. బొరుసు పడితే ఒక్క మాట అనకుండా నెమ్మదిగా ఊపిరి వదులుతూ నోట్సు మాత్రం రాయండి. రెండు నిమిషాలకి ఒక అంకె, అరగంటకి ఇంకో అంకె. బిళ్ల ఎందుకంటే, ఎప్పుడు తిట్టాలో మీరే ఎంచుకుంటే ఘోరమైన కాల్స్‌కే తిడతారు, అప్పుడు తిట్టువల్ల పెరిగిందో కాల్‌వల్ల పెరిగిందో తేలదు. కాల్ మధ్యలో మ్యూట్ నొక్కి తిట్టడం మాత్రం ఈ పదిరోజులు ఆపండి.

మ్యూట్‌బటన్ · రెండు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 10:00

ఆలస్యానికి క్షమించండి. నైట్ షిఫ్టులు పడ్డాయి. మొత్తం 23 కాల్స్‌కి రాసుకున్నాను. బొమ్మ 12, బొరుసు 11.

రెండు నిమిషాల అంకెలో తిట్టుదే గెలుపు. కాల్ పెట్టేసినప్పుడు ఎనిమిది ఉంటే తిట్టాక ఇంచుమించు అయిదుకి వచ్చేది. నోరు మూసుకున్నప్పుడు ఏడు దగ్గరే వేలాడేది, పైగా ఆ రెండు నిమిషాలు నరకం. మొదటి రెండు రోజులు బొరుసు పడితే బిళ్లని తిట్టాను.

అరగంట అంకె చూసి మాత్రం నేనే నమ్మలేదు. తిట్టినవి అయిదు దగ్గరే ఆగిపోయాయి, రెండు మూడు మళ్లీ ఆరుకి ఎక్కాయి. తిట్టనివి మూడుకి దిగాయి. కొన్నింటి విషయంలో ఏ కాల్ గురించి అంకె వేయాలో గుర్తు తెచ్చుకోవడానికి నోట్సు చూడాల్సి వచ్చింది.

ఇంకోటి గమనించాను, ఇది మీరెవరూ రాయమనలేదు. తిట్టిన 12లో ఎనిమిదింటిని టీ దగ్గర పక్క సీటువాడికి చెప్పాను. మళ్లీ అదే తిట్టుతో, ఇంకాస్త మసాలా వేసి. ఒక ముసలాయన "మీరు మనుషులేనా" అని మాత్రమే అన్నాడు. టీ దగ్గరికొచ్చేసరికి ఆయన చేత మా అమ్మని కూడా తిట్టించాను. తిట్టని 11లో చెప్పింది రెండే. తిట్టు ఒకసారి కుదిరాక, దాన్ని ఎవరికైనా వినిపించాలనిపిస్తుంది. పిన్నిగారి అత్తగారి గెల గుర్తొచ్చింది.

ఇంటికి వెళ్లాక ఎలా ఉన్నానో తేల్చలేను. ఏ రోజైనా రెండు రకాలూ కలిసే ఉన్నాయి.

లెక్కలమాష్టారు · ఆదివారం, ఉదయం 11:10

బాగా చేశారు. నిజం చెప్పండి, బిళ్ల మాట ఎన్నిసార్లు వినలేదు?

మ్యూట్‌బటన్ · ఆదివారం, ఉదయం 11:25

నాలుగుసార్లు. నాలుగూ బొరుసులే. మరీ ఘోరమైన కాల్స్, ఆపుకోలేక తిట్టి, బొమ్మ లెక్కలో రాసేశాను.

లెక్కలమాష్టారు · ఆదివారం, ఉదయం 11:30

అదే నా భయం. అయితే బొమ్మ వైపు ఘోరమైన కాల్స్ ఎక్కువ పడ్డాయి, అరగంట అంకె అందువల్ల కూడా పెరిగి ఉండొచ్చు. ఆ నాలుగూ తీసేసి చూడండి.

మ్యూట్‌బటన్ · ఆదివారం, మధ్యాహ్నం 12:05

తీసేస్తే ఎనిమిది మిగిలాయి. అరగంట అంకె నాలుగున్నర. తేడా తగ్గింది, పోలేదు.

పాతసుద్దముక్క · ఆదివారం, మధ్యాహ్నం 12:40

కాగితం మీద అంకె వేసుకోవడమే ఒక పని చేసిందేమో కూడా చూడాలి. జపాన్‌లో నగోయా యూనివర్సిటీ వాళ్లు 2024లో ఇలాగే వ్యాసం రాయించి, "చదువుకున్న మనిషి ఇలా ఆలోచిస్తాడంటే నమ్మలేకపోతున్నాను" అని అవమానకరంగా రాసి పంపారు. తర్వాత తమకు ఏమనిపించిందో కాగితం మీద రాయమన్నారు. ఆ కాగితాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేసినవాళ్ల కోపం దాదాపు మొదటి స్థితికి దిగిపోయింది. బల్ల మీదే ఉంచుకున్నవాళ్లకి అంతగా దిగలేదు. మీ 23 చీటీలూ దాచుకున్నారా, పారేశారా?

మ్యూట్‌బటన్ · ఆదివారం, మధ్యాహ్నం 12:50

మాష్టారు అడుగుతారని దాచాను!

బస్సుపాసు · ఆదివారం, మధ్యాహ్నం 1:30

అన్న, బిళ్ల ఎగరేసేంత టైం మాకు యాడుంటది. బస్సుల రెండు నిమిషాలు నోరు మూస్తే టికెట్లు ఎవరు కొట్టాలె. గీ పరీక్ష కుర్చీల కూసునేటోళ్లకే.

కండలకిట్టు · ఆదివారం, మధ్యాహ్నం 2:15

నేను బ్యాగ్ మానలేదు. ఫొటో మాత్రం తీసేశా, మా టీమ్ లీడ్‌ది నిజంగానే ప్రింట్ తీసి అంటించి ఉండె. ఇప్పుడు రౌండ్లు లెక్కపెడుతూ కొడుతున్నా. హాయి కొంచెం తగ్గింది, నిజం చెప్పాలంటే.

కాకినాడపిన్ని · ఆదివారం, సాయంత్రం 5:40

ఇంతమంది మా అత్తగారి కొబ్బరికాయ పట్టుకుని మాట్లాడుతున్నారు కాబట్టి మిగతాది కూడా చెబుతాను. ఆ కాయ పక్కింటివాళ్లు తీయలేదు. మా మావగారే తెల్లారగట్ల గుడికి వెళ్తూ పట్టుకెళ్లి దేవుడికి కొట్టారు. ఆవిడ అరుగు మీద నిలబడి వంశాలు తీస్తుంటే ఆయన భయపడి నోరు విప్పలేదు. రాత్రి అన్నం దగ్గర చెప్పారు. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ పక్కింటివాళ్లతో మాత్రం పోయేదాకా మాట్లాడలేదు. ఎందుకత్తా అంటే, "కాయ తీయకపోతే మాత్రం, వాళ్లేమైనా మంచివాళ్లా?" అనేది.